జబ్బును లెక్కించినవారు: వరంగల్ పత్తి రైతు మహిళల పరిశోధన, 2003

మైలవరం, రెడ్డిగూడెం, ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతాలలో మామిడి పూత కాలమంటే మందుల కాలమని కూడా అర్థం. తేనెమంచు పురుగుకు ఒకటి, బూడిద తెగులుకు ఒకటి, పూత నిలవడానికి మరొకటి. పిచికారీ చేసిన రోజు సాయంత్రం కూలికి వెళ్ళినవారికి తల దిమ్మెక్కుతుంది, కళ్ళు మండుతాయి, కొందరికి వాంతి అవుతుంది. మజ్జిగ త్రాగి పడుకుంటారు, మరునాడు మళ్ళీ తోటకు వెళతారు. వీరిలో ఎందరు వైద్యుని వద్దకు వస్తారు? రానివారు ఏ లెక్కలోనైనా ఉన్నారా?

వైద్యవృత్తిలో ఉన్నవారందరికీ పురుగుమందు విషప్రభావం పరిచయమే. అయితే మేము ఆసుపత్రిలో చూసేది ప్రధానంగా మందు త్రాగినవారిని. పని చేస్తూ, చర్మం ద్వారా, శ్వాస ద్వారా కొద్దికొద్దిగా విషం ఎక్కించుకొన్నవారు మా రిజిస్టరులోకి అరుదుగా వస్తారు. రిజిస్టరులో లేనిది ప్రభుత్వ నివేదికలో ఉండదు. నివేదికలో లేనిదానికి విధానం ఉండదు. ఈ గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగిపోతున్నదని చూపిన ఒక అధ్యయనం మన తెలుగునేల మీద, 2003లో, వరంగల్ జిల్లా పత్తి గ్రామాలలో జరిగింది. జబ్బును గమనించి లెక్కించినవారు అందులో వైద్యులు కారు. పత్తి పండించే మహిళలు. ఆ చరిత్రను మీకు కొంత వివరంగా చెప్పదలిచాను.

ఆలోచన ఎక్కడి నుండి వచ్చింది

శ్రమ చేసేవారే తమ ఆరోగ్యం గురించిన పరిశోధనలో భాగస్వాములు కావాలన్న ఆలోచనకు ఒక స్పష్టమైన పుట్టుక ఇటలీలో కనిపిస్తుంది. 1960వ దశకంలో ట్యూరిన్ నగరపు కార్ల కర్మాగారాల కార్మికులు, ఇవార్ ఒద్దోనే అనే వైద్యుడు కలిసి ఒక పద్ధతిని రూపొందించారు. ఒకే చోట, ఒకే పని చేసే కార్మికులు ఒక బృందంగా కూర్చొంటారు. తమకు కలిగే బాధలనూ, వాటికి కారణాలుగా తోచే పొగ, శబ్దం, వేడి, పని వేగం మొదలైనవాటినీ కర్మాగారపు పటం మీద గుర్తిస్తారు. బయటి నిపుణుడు కొలతలు తీస్తాడు. కాని ఆ ఫలితం తమ అనుభవానికి సరిపోయిందని ఆ బృందం అంగీకరించిన తరువాతనే దానిని చెల్లుబాటుగా తీసుకొంటారు. 'మా ఆరోగ్యాన్ని మరొకరికి అప్పగించము' అన్నది వారి సూత్రం.

ఇందులో మూడు అధికారాలు ఉన్నాయని గమనించండి. ఏమి అడగాలో నిర్ణయించే అధికారం మొదటిది. వచ్చిన సమాచారాన్ని విశ్లేషించే అధికారం రెండవది. తేలిన ఫలితాన్ని ఎవరికి, ఎలా చెప్పాలో నిర్ణయించే అధికారం మూడవది. మామూలు పరిశోధనలో ఈ మూడూ పరిశోధకునివే. పాల్గొన్నవారు జవాబులు ఇచ్చి ఇంటికి వెళతారు, కాగితాలు ఊరు దాటి వెళతాయి. భాగస్వామ్య పరిశోధన అనబడేదానిలో ఈ మూడింటిలో ఎంతో కొంత పాలు వారికి దక్కాలి. ఎంత దక్కింది అన్నదే ఆ పేరుకు అర్హతను తేల్చే గీటురాయి. వరంగల్ కథను కూడా ఇదే గీటురాయి మీద పరీక్షిద్దాము.

వరంగల్ నేపథ్యం

1997-98 పత్తి పంట కాలం తెలుగువారికి మరపురానిది. పురుగు ఉధృతికి పంట పోయింది, అప్పు మిగిలింది, వరంగల్ జిల్లాలో అనేకమంది రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. పురుగును చంపలేకపోయిన మందే చాలామందిని బలిగొన్నది. తరువాతి సంవత్సరాలలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఐరోపా సమాఖ్య నిధులతో ఆసియా పత్తి దేశాలలో సమగ్ర సస్యరక్షణ కార్యక్రమాన్ని నడిపింది. దాని ముఖ్యసాధనం రైతు పొలంబడి. మన రాష్ట్రంలో వ్యవసాయశాఖ కూడా పొలంబడి పేరుతో ఇటువంటి బడులను నడిపిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చును.

పొలంబడిలో ఉపన్యాసం ప్రధానం కాదు. రైతులు వారం వారం చేనులోకి దిగి, మొక్కమీద పురుగులెన్ని, వాటిని తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు ఎన్ని అని లెక్కపెడతారు. గట్టు మీదకు వచ్చి పెద్ద కాగితంపై బొమ్మ వేసి, ఈ వారం మందు కొట్టాలా అక్కరలేదా అని తామే తేల్చుకొంటారు. చూడడం, లెక్కించడం, బొమ్మగా వేయడం, అందరూ కలిసి నిర్ణయించడం అనే ఈ అలవాటే తరువాత ఆరోగ్య పరిశోధనకు పనికివచ్చింది. మొక్కను అలా పరీక్షించగలిగినవారు తమ శరీరాన్ని ఎందుకు పరీక్షించలేరు?

ఈ పని మొదట ఉత్తర వియత్నాంలో జరిగింది. హెలెన్ మర్ఫీ అనే ఆరోగ్య నిపుణురాలు, ఆమె సహచరులు అక్కడి రైతుల చేత పన్నెండు నెలలపాటు తమ విషప్రభావాలను తామే నమోదు చేయించి, 2002లో ఆ ఫలితాలను ప్రచురించారు. ఆ పద్ధతి వరంగల్‌కు వచ్చింది. ఇక్కడ ఫ్రాంచెస్కా మాంచీనీ అనే పరిశోధకురాలు, మర్ఫీ మొదలైనవారితో కలిసి మూడు గ్రామాలలో ఒక పత్తి కాలమంతా దీనిని అమలుచేసింది. వ్యాసం 2005లో ఒక అంతర్జాతీయ వృత్తి ఆరోగ్య పత్రికలో వెలువడింది.

మహిళలనే ఎందుకు ఎంచుకొన్నారు

పత్తి చేలలో పంపు వీపున వేసుకొనేది సాధారణంగా పురుషుడు. అందుచేత విషప్రమాదం అతనిదే అని అందరమూ అనుకొంటాము. ముఖానికి గుడ్డ కట్టుకోవాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి అన్న సలహాలన్నీ అతనికే. కాని ఆ పంపులోకి మందు వచ్చే దారిని ఒకసారి గమనించండి. సీసా మూత తీసి, చిక్కని మందును బకెట్టు నీటిలో కలిపేది తరచుగా స్త్రీ. పంపు ఖాళీ అయిన ప్రతిసారీ నింపేదీ ఆమెయే. తడి ఆరని చేనులో కలుపు తీసేదీ ఆమెయే. పైపెచ్చు పంపులోని మందు నీటితో పలచబడినది, ఆమె చేతి మీద పడేది చిక్కనిది.

ఈ అధ్యయనంలో యాభైమంది పత్తి రైతు మహిళలు నమోదుదారులు. వారు తమకు కలిగిన బాధలనే గాక, తమ ఇంటి పురుషులు 47 మందికి కలిగిన బాధలను కూడా వ్రాశారు. ఈ ఎంపిక వలన పరిశోధనలో అడిగే ప్రశ్నయే మారింది. 'పిచికారీ చేసేవానికి ఏమవుతున్నది' అన్నది పాత ప్రశ్న. 'మందు ముట్టిన ప్రతివారికి ఏమవుతున్నది' అన్నది కొత్త ప్రశ్న. మందు కలపడం, పంపు నింపడం పిచికారీ చేసినంత ప్రమాదకరమైన పనులేనని ఆ వ్యాసం తేల్చింది. ప్రశ్న పాతదిగానే ఉండి ఉంటే ఈ జవాబుకు చోటే లేదు.

నమోదు ఎలా జరుగుతుంది

ఈ పద్ధతి ఎంత సరళమైనదో చెబితే మీకు ఆశ్చర్యం కలుగవచ్చును. మందు ముట్టిన ప్రతి సందర్భానికీ ఒక చీటీ. ఏ మందు, ఎంత, ఎవరు ఏ పని చేశారు, ఎంతసేపు చేశారు అన్నవి అందులో ఉంటాయి. చదవడం రానివారికి కూడా అనువుగా బాధలను బొమ్మల ద్వారా గుర్తించే వీలుంటుంది. తల తిరిగితే తల దగ్గర, చేతులు వణికితే చేతుల దగ్గర గుర్తు. పని జరిగిన కొద్ది గంటలలోనే నమోదు చేయడం ముఖ్యం. నెల తరువాత అడిగితే మనిషి మరచిపోతాడు, లేదా మొన్నటి బాధను నిన్నటి మందుకు అంటగడతాడు.

అన్ని బాధలకూ ఒకే బరువు ఇవ్వరు. తలనొప్పి, గొంతు ఆరిపోవడం, చర్మం దురద, కళ్ళ మంట, అలసట మొదలైనవి తేలికపాటివి. ఎండదెబ్బకు కూడా ఇవి రావచ్చును. వాంతి, చూపు మసకబారడం, చేతులు వణకడం, కండరాలు పట్టివేయడం, నోటివెంట లాలాజలం ఎక్కువగా కారడం వంటివి మధ్యస్థాయివి. మూర్ఛ, స్పృహ తప్పడం తీవ్రమైనవి. ఈ మెట్ల వెనుక శరీరధర్మం ఉన్నది. నరం నుండి కండరానికి, గ్రంథికి సందేశం చేర్చే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని పని అయిపోగానే విరిచివేసే ఎంజైము పేరు కోలినెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు ఆ ఎంజైమును పట్టివేస్తాయి. సందేశం ఆగకుండా మ్రోగుతూనే ఉంటుంది. అందుకే లాలాజలం, చెమట, వాంతి, వణుకు, మసక చూపు ఒకదానితో ఒకటి కలిసి వస్తాయి. ఒంటరిగా వచ్చిన తలనొప్పి వైద్యునికి ఏమీ చెప్పదు. ఇటువంటి లక్షణాలు మూడు ఒకే పూట, ఒకే మనిషిలో కనిపిస్తే అది ఎండ కాదని చాలావరకు చెప్పవచ్చును.

ఏమి తేలింది

ఆ కాలంలో 323 సందర్భాలు నమోదయ్యాయి. వాటిలో 83.6 శాతం, అనగా దాదాపు 270 సందర్భాలలో, తేలికపాటి నుండి తీవ్రమైన వరకు ఏదో ఒక స్థాయి విషలక్షణాలు కనిపించాయి. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి ప్రత్యేకమైన నాడీ లక్షణాలు మూడు గాని, అంతకు మించి గాని కనిపించిన పిచికారీలు నూటికి పది. వాడిన మందులలో దాదాపు సగం, నూటికి 47 సార్లు, ఆ జాతివే. నూటికి ఆరు పిచికారీలలో నాడీ ప్రభావం మిక్కిలి తీవ్రంగా ఉన్నది.

ఇప్పుడు వ్యాసంలోని మరొక వాక్యం మీద దృష్టి నిలపండి. ఆ తీవ్రమైన సందర్భాలలో కూడా ఒక్కరూ వైద్యుని వద్దకు వెళ్ళలేదు.

వైద్యునిగా నన్ను కలవరపెట్టేది ఈ వాక్యమే. ఆ ఏడాది ఆ మూడు గ్రామాలకు దగ్గరి ఆరోగ్య కేంద్రపు రిజిస్టరును ఎవరైనా తెరచి చూచి ఉంటే, ఈ మనుషులలో పని వలన కలిగిన విషప్రభావం ఒక్కటి కూడా కనిపించేది కాదు. మహిళల చీటీలలో దాదాపు 270. ఆసుపత్రి కాగితం మీద సున్నా. రిజిస్టరు అబద్ధం చెప్పలేదు. వచ్చినవారిని అది నిజాయితీగానే లెక్కిస్తుంది. కాని రానివారిని లెక్కించే కన్ను దానికి లేదు. రోజుకూలి పోతుంది, బస్సు ఛార్జీ కావాలి, తల తిరగడం పనిలో భాగమేనన్న నమ్మకం ఉన్నది, కాబట్టి మనిషి రాడు. రానివాని బాధ ఆ బాధ పడేవానికి, ప్రక్కన ఉన్నవానికి మాత్రమే తెలుస్తుంది. అందుచేత ఇక్కడ పాల్గొన్నవారిని పరిశోధకులుగా చేయడం వారిపట్ల చూపిన మర్యాద మాత్రమే కాదు, నిజం తెలుసుకోవడానికి ఉన్న దగ్గరి దారి.

మరొక సంగతి కూడా బయటపడింది. భూమి ఎక్కువ ఉన్నవారికంటె చిన్న, సన్నకారు పేద రైతులే తీవ్రమైన విషప్రభావానికి తరచుగా గురి అయ్యారు. తన చేనుతోపాటు ఇతరుల చేలలోనూ కూలికి మందు కొట్టేవానికి, చౌకగా దొరికే మందే కొనేవానికి, ఒంటిలో బలం తక్కువైనవానికి విషం ఎక్కువ అంటుకొంటుందన్నది వైద్యునికి ఊహకు అందని విషయం కాదు.

లెక్క తరువాత ఏమి జరిగింది

పరిశోధన ఇక్కడ ఆగి ఉంటే అది ఒక మంచి నివేదిక మాత్రమే. మరుసటి పంటకాలంలో, 2004లో, 65 మంది రైతులు రెండవసారి నమోదు చేశారు. 2003లో వారు మామూలుగా మందులు కొట్టారు. 2004లో చేనును పరీక్షించి అవసరమైనప్పుడే మందు వాడే సమగ్ర సస్యరక్షణ పద్ధతిని అనుసరించారు. మందుల వాడకం తగ్గింది. వాడినవి కూడా తక్కువ విషస్థాయి గలవాటివైపు మళ్ళాయి. విషప్రభావ సందర్భాలు సగానికి తగ్గాయి. ఈ పోలిక 2009లో ప్రచురితమయింది. ప్రమాదకరమైన మందును సురక్షితంగా వాడమని చెప్పే ప్రచారంకంటె, అత్యంత విషపూరితమైన మందులను పరిమితం చేయడం, రైతుకు సస్యరక్షణ నేర్పడం మేలని పరిశోధకులు ముగింపు పలికారు.

తెలుగునాట మే నెల ఎండలలో కాకపోయినా, భాద్రపదపు ఉక్కలో కూడా రబ్బరు తొడుగులు, మందపాటి దుస్తులు, ముసుగు ధరించి నాలుగు గంటలు చేనులో నడవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. ఆ సలహా తప్పు కాదు గాని, దానిని పాటించని నేరం కూలివాని మీద పడుతుంది. ఆ సలహా ఇచ్చినవారికి ఏ బాధ్యతా మిగలదు. మందునే మార్చాలి అన్న ముగింపు ఆ బాధ్యతను సరైన చోట పెట్టింది.

ఎంత అధికారం పంచుకొన్నట్లు?

ఇక గీటురాయి మీదకు వద్దాము. బాధలను గమనించడంలో, నమోదు చేయడంలో అధికారం మహిళలదే. ఈ విషయంలో సందేహం లేదు. కాని చీటీ నమూనా వియత్నాం అనుభవం నుండి, కార్యక్రమపు నిపుణుల నుండి వచ్చింది. శాతాలను కట్టి, పత్రికకు వ్యాసం వ్రాసినవారు పరిశోధకులు. 2005 వ్యాసంపై ఐదుగురి పేర్లు ఉన్నాయి. ఆ యాభైమంది మహిళలలో ఒక్కరి పేరూ రచయితలలో లేదు. దీనికి సమర్థన కూడా ఉన్నది. అప్పు ఇచ్చిన దుకాణదారునికి, కూలికి పిలిచే ఆసామికి నచ్చని సంగతిని వెల్లడించిన మనిషి పేరు అచ్చులో కనిపించడం క్షేమం కాకపోవచ్చును. పేరు దాచడం రక్షణ. పేరు లేకపోవడం గుర్తింపు లేకపోవడం కూడా. ఈ రెండింటి మధ్య ఏది కావాలో ఎంచుకొనే హక్కు ఆ మహిళలకే ఉండాలన్నది నా అభిప్రాయం.

ఫలితం మీద అధికారం అంటే ఏమిటో ఇంకా స్పష్టంగా చూపిన ఘటన అంతకు రెండేళ్ళ ముందు మన రాష్ట్రంలోనే జరిగింది. 2001 జూన్ చివరి వారంలో మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని అల్గోల్ గ్రామంలో 'ప్రజాతీర్పు' అనే విచారణ సాగింది. రాష్ట్ర ప్రభుత్వపు విజన్ 2020 పత్రం ప్రకారం వ్యవసాయం మీద జీవించేవారి సంఖ్యను 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించాలన్నది ఆలోచన. అలా తగ్గించబడవలసినవారే న్యాయనిర్ణేతలుగా కూర్చొన్నారు. వారు ప్రధానంగా చిన్న, సన్నకారు రైతులు. మూడింట రెండు వంతులకు పైగా మహిళలు. వారి ముందు మూడు భవిష్యత్తులను ఉంచారు. ఒకటి విజన్ 2020 దారి. రెండవది ఎగుమతుల కోసం సేంద్రియ సేద్యం. మూడవది స్థానిక స్వావలంబన. ఒక్కొక్కదానిని సమర్థించేవారు వచ్చి సాక్ష్యం చెప్పారు, జ్యూరీ వారిని ప్రశ్నించింది. చివరికి ఆ జ్యూరీ చూపిన మూడు దారులలో ఒకదానికి టిక్కు పెట్టి ఊరుకోలేదు. తమ సొంత దార్శనికతను ప్రకటించింది. సారవంతమైన నేల, పలురకాల పంటలు, వనరుల మీద ఊరి అధికారం కావాలన్నది. జన్యుమార్పిడి పంటలు, మనుషులను పనినుండి తొలగించే యంత్రాలు, ఔషధ మొక్కలపై అదుపు కోల్పోవడం వద్దన్నది.

2002లో మిషెల్ పింబర్ట్, టామ్ వేక్‌ఫర్డ్ ఈ విచారణ నివేదికను ప్రచురించగానే వివాదం లేచింది. రాష్ట్రానికి సహాయం చేస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ ఈ నివేదిక మీద ఆక్షేపణ తెలిపింది. ప్రచురించిన రెండు బ్రిటిష్ సంస్థలు దానిని తమ వెబ్‌సైటుల నుండి తొలగించాయి. పద్ధతి నిష్పాక్షికమా, జ్యూరీ ఎంపిక సరియైనదా అన్న ప్రశ్నలు అడగదగినవే. ఏ పరిశోధననైనా అలా అడగాలి. కాని అల్గోల్‌లో కూర్చొన్నవారి తీర్పు ఉండాలా పోవాలా అన్న చర్చ విదేశాలలో, వారు లేనిచోట, వారికి రాని భాషలో జరిగింది. మొదటి రెండు అధికారాలు పంచి, మూడవదాన్ని పంచకపోతే జరిగేది ఇదే.

పద్ధతి పరిమితులు

చీటీల పద్ధతిని అతిగా నమ్మడం కూడా పొరపాటే. మనిషి చెప్పిన బాధను రక్తపరీక్ష నిర్ధారించలేదు. కోలినెస్టరేజ్ పరీక్ష చేయవచ్చును గాని, దాని సహజస్థాయి మనిషికీ మనిషికీ మారుతుంది. మందుల కాలానికి ముందు తీసిన కొలత లేకుండా తరువాతి కొలత చూచి, పడిపోయిందో లేదో చెప్పడం కష్టం. రెండవది, ఒకరి బాధను మరొకరు నమోదు చేసినప్పుడు పైకి కనిపించేవి పడతాయి, కనిపించనివి జారిపోతాయి. భర్త వాంతి భార్యకు తెలుస్తుంది, అతని చూపు మసక తెలియకపోవచ్చును. మూడవది, యాభైమంది లెక్కను జిల్లా మొత్తానికి గుణించి చెప్పడం చెల్లదు.

ఈ లోపాలను కొంతవరకు కనిపెట్టే దారులున్నాయి. మందు ముట్టని రోజులలో కూడా అదే మనిషి చేత చీటీ నింపించాలి. ఆ రోజులలోనూ తలనొప్పి అంతే కనిపిస్తే దానికి కారణం ఎండో, ఆకలో, రక్తహీనతో కావచ్చును. వణుకు, లాలాజలం మందు రోజులలోనే కనిపిస్తే కారణం మందే. నాల్గవ ప్రమాదం లెక్కలో కాక మనుషులలో ఉంటుంది. ఊరి కూటమిలో భూమి ఉన్నవారి మాటే పైకి వస్తుంది. పదిమంది కూర్చొన్నచోట ఇద్దరే మాట్లాడుతూ ఉంటే, తేలిన ఫలితం ఆ ఇద్దరిదే. కూలీలను, భూస్వాములను వేరువేరుగా కూర్చోబెట్టి, తరువాత కలపడం అందుకే అవసరం.

మన తోటలలో అయితే

పత్తి చేనుకూ మామిడి తోటకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పత్తి మీద మందు క్రిందికి కొడతారు. మామిడి మీద పైకి కొడతారు, ఆ తుంపర తిరిగి కొట్టినవాని ముఖం మీదనే పడుతుంది. ఒకరు గన్ను పట్టుకొంటే, ఒకరు పైపు లాగుతారు, మరొకరు డ్రమ్ములో మందు కలుపుతారు. తోట ఒకరిది, కాయ కౌలు మరొకరిది, పని ఇంకొకరిది. అందుచేత వరంగల్ చీటీని యథాతథంగా ఇక్కడికి తెచ్చి పంచితే అది మళ్ళీ బయటివారి ప్రశ్నే అవుతుంది. పైపు లాగేవానిని అడిగితే ఏ ప్రశ్న ముందు పెడతాడో మనము ఇక్కడ కూర్చొని చెప్పలేము. అతనికి ముఖ్యమైనది తల తిరగడమో, ఆ పూట పడుకొంటే కూలి దక్కకపోవడమో, డబ్బా మీది పేరు చదవలేకపోవడమో కావచ్చును. ఆ కాగితం మొదటి గడి అతడు నింపవలసినది.

ఈలోగా మీలో తోట పనికి వెళ్ళేవారు, పనివారిని పెట్టుకొనేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. డబ్బా మీది త్రికోణపు గుర్తు చూడండి. ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పని మధ్యలో వాంతి, వణుకు, మసక చూపు, నోటివెంట నీరు కలిసి వస్తే పని వెంటనే ఆపాలి. తడిసిన బట్టలు విప్పి సబ్బునీటితో ఒళ్ళంతా కడగాలి. సహాయం చేసేవారు తమ చేతులకు మందు అంటకుండా చూసుకోవాలి. మందు డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ అట్రోపిన్ అనే విరుగుడు ఉంటుంది, డబ్బా మీది పేరు వైద్యునికి సగం పని చేసిపెడుతుంది. తేలికపాటి బాధయైనా తేదీ, మందు పేరు, చేసిన పని, కలిగిన బాధ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. ఒక పూతకాలం గడిచిన తరువాత నలుగురు కూలివారు తమ పుస్తకాలు ప్రక్కప్రక్కన పెట్టుకొని చూస్తే, ఏ మందు తమను ఎక్కువ బాధిస్తున్నదో వారికే తెలుస్తుంది. ఆ పుస్తకాలు వారి దగ్గరే ఉండాలి. వైద్యునికైనా, అధికారికైనా, పరిశోధకునికైనా వారు చూపదలచినప్పుడు చూపుతారు.